అవ్వ తినే కేకు

మా ప్రధానం రోజున ఆయన కడప నుంచి ఒక కేకు తెచ్చారు. బిస్కట్ల డబ్బాలో, నూనె కాగితం చుట్టి, ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చుని తెచ్చారట. కమలాపురంలో దిగి మా ఊరి బండెక్కిన తర్వాత కూడా డబ్బాను కింద పెట్టలేదని, బండి తోలిన మా చిన్నాయన ఆ రోజంతా చెప్పుకుని నవ్వాడు.

ఆయన కడపలో ఒక సాయబు రొట్టెల బట్టీలో పనిచేసేవారు. చిన్నప్పుడు పిండి జల్లించడానికి చేరి, అప్పటికి బట్టీ మొత్తం చూసుకునే స్థాయికి వచ్చారు. పాదిరి దొరల బంగళాలకు క్రిస్మస్ కేకులు వెళ్లేది ఆయన చేతి మీదుగానే. నేను కడపలోనే మిషను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. సంబంధం గుళ్లో పెద్దలు కుదిర్చారు. అంతకుముందు ఆయన్ను గుళ్లో మగవాళ్ల వరుసలో నాలుగైదుసార్లు చూసి ఉంటాను, అంతే.

ప్రార్థన అయిపోయింది, ఉంగరం పెట్టడం అయింది. ఆయన లేచి డబ్బా తెరిచి కేకు కోశారు. మా ఊళ్లో చాలామందికి అదే మొదటిసారి కేకును చూడటం. మొదటి ముక్క ఇంటికి పెద్ద కాబట్టి మా అవ్వకు ఇచ్చారు. అవ్వ రెండు చేతులా అందుకుంది. వాసన చూసింది. నోట పెట్టలేదు.

"నాయనా, ఇందులో గుడ్డు ఉండాదా?" అని అడిగింది.

"ఉండాదవ్వా. డజను గుడ్లు పడినాయి" అన్నారాయన, గొప్పగానే.

"పాలో?"

"పాలు, వెన్న, అన్నీ ఉండాయి. దేంట్లోనూ తక్కువ చేయలే."

అవ్వ ఆ ముక్కను పక్కనున్న మా తమ్ముడి చేతిలో పెట్టి, తన చేతులు కొంగుకు తుడుచుకుంది. "శానా బాగుంటాదిలే నాయనా. నేను తినను. తప్పనుకోవద్దు" అంది.

ఆయన ముఖం వాడిపోయింది. మా నాయన కల్పించుకుని, అవ్వ సంగతి చెప్పాడు.

అవ్వ సంగతి మా ఊళ్లో అందరికీ తెలిసిందే. నేను పుట్టకముందు ఒక ఏడాది వానల్లేక, పైగా పశువులకు పెద్దరోగం వచ్చి, ఊళ్లో కొట్టాలన్నీ ఖాళీ అయ్యాయట. మా ఆవు కూడా చచ్చిపోయింది. దాని దూడకు అప్పటికి కళ్లు మాత్రమే పెద్దవి, కాళ్లు నిలవవు. అవ్వ దాన్ని వంటింట్లో కట్టేసుకుని, రాగి జావ, గంజి వేలితో నాకించి బతికించింది. ఆ దూడ తన వేళ్లు చీకుతూ పాల కోసం తల్లడిల్లడం చూశాక ఆమెకు పాలు గొంతు దిగలేదు. తర్వాత నెయ్యి మానేసింది, గుడ్లు మానేసింది, మాంసం కూర మొదటినుంచీ అరుదే కాబట్టి అదీ మానేసింది. మేము తింటే ఏమీ అనేది కాదు, తనే వండిపెట్టేది. మా పాస్టరుగారు ఒకసారి, దేవుడు అన్నిటినీ తినమనే ఇచ్చాడు గదమ్మా అని నచ్చజెప్పబోతే, "దేవుడు వద్దనలే అయ్యా. నేనే తినలేకుండా ఉండా" అంది.

నన్ను పెంచింది అవ్వే. అమ్మా నాయనా చేలో ఉంటే నాకు తల దువ్వింది, బడికి పంపింది, కడప పోయి చదువుకుంటానంటే నాయన్ను ఒప్పించింది. ఆ రోజు ఇంటినిండా జనం కేకు తింటూ మెచ్చుకుంటుంటే, ఆమె మాత్రం గోడకానుకుని వట్టి నోటితో నవ్వుతూ కూర్చోవడం నాకు బాధగా ఉండింది. ఆయన ఇంకోసారి అవ్వ దగ్గరికి పోయి కింద కూర్చున్నారు.

"పెండ్లికి కేకు కోయాల్నవ్వా. అప్పుడైనా మీరు తినాల. మీరు తినేటట్ల చేసుకొస్తా."

"వెన్న, పాలు, గుడ్డు తీసేస్తే ఇంకేముంటాది నాయనా? పిండి, చక్కెర. దానికి నువ్వు యాడ అగసాట్లు పడతావు?"

"చూస్తాగదా" అన్నారాయన.

పెండ్లి ఎండాకాలం సెలవుల్లో పెట్టుకున్నారు. ఇంకా మూడు నెలలుంది.

ఆ తర్వాత ఆదివారం గుడి అయ్యాక ఆయన మా మేనత్త ఇంటికి వచ్చారు, చేతిలో చిన్న పొట్లంతో. ప్రధానం అయిన పిల్లతో ఊరికే మాట్లాడ్డానికి వస్తే అప్పట్లో ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. కేకు రుచి చూపించడానికి వచ్చానంటే మా అత్తకు అభ్యంతరం లేకపోయింది. పైగా ఆమెకు తీపంటే ప్రాణం. ఆమె నడిమధ్యన కూర్చునేది, ఆయన ఒక పక్క, నేను తలుపు పక్క.

మొదటి పొట్లం విప్పితే లోపల పసుపుపచ్చ రవ్వలాంటిది ఉంది. కాగితమంతా నూనె.

"వెన్నకు బదులు శనక్కాయ నూనె పోసినా, పాలకు బదులు నీళ్లు. గుడ్లకు బదులు ఏమీ వేయలే" అన్నారాయన. "వెన్న ఎంతో నూనె అంతే పోసినా. అది తప్పయింది. వెన్నలో కొంచెం నీళ్లుంటాయి. నూనె మొత్తం నూనే. ఐదు పాళ్లు వెన్న తీసేస్తే నాలుగు పాళ్లే నూనె పోయాల."

మా అత్త రవ్వను చెంచాతో ఎత్తి తిని, బాగుండాదంది. ఆమె ఏదైనా బాగుండాదనే అనేది, అందుకని మేము ఆమె మాట లెక్కలోకి తీసుకోలేదు.

నేను అడిగాను, నూనె తగ్గిస్తే చాలా అని. ఆయన నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాటలు అవే అనుకుంటాను. "చాలదు. వెన్నా చక్కెరా కలిపి గిలక్కొడతాం గదా, తెల్లగా అయ్యేదాకా? అప్పుడు వెన్న లోపల గాలి పట్టుకుంటాది. బట్టీలో ఆ గాలే ఉబ్బి కేకు లేస్తాది. నూనెను గంటసేపు కొట్టినా గాలి పట్టుకోదు. నేను కొట్టి చూసినా. చెయ్యి నొప్పి తప్ప ఏం రాలే."

చెయ్యి నొప్పి అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వారు.

కొబ్బరినూనె గట్టిగా పేరుకుంటుంది గదా, దాన్ని కొడితే అని నేనన్నాను. చలికాలమైతే పనికొచ్చేదట. కడప ఎండలు ముదురుతున్నాయి, సీసాలో నూనె నీళ్లలాగా ఉంది. పెండ్లి నాటికి ఇక చెప్పక్కర్లేదు.

బట్టీ సాయబు ఈ పని చూసి తల పట్టుకున్నాడట. సాయబు పెద్ద మనిషి, గడ్డానికి గోరింట, కేకుల మీద గట్టి అభిప్రాయాలు. "మస్కా లేని కేకు ఏం కేకు బేటా? దాన్ని రొట్టె అంటారు" అన్నాడట. అయినా మర్నాడు తనే టిన్నుల్లో వచ్చే వనస్పతి కొంచెం తెచ్చి చేతిలో పెట్టాడు. అది గట్టిగా ఉంటుంది, వెన్నలాగే గాలి పట్టుకుంటుంది, పాలతో పనిలేదు. సులువుగా అయిపోయేది. కానీ ఆ రోజుల్లో దాంట్లో పశువుల కొవ్వు కలుపుతారని ఊళ్లో ఒక మాట ఉండేది. నిజమో అబద్ధమో ఎవరికీ తెలీదు. ఆయన సాయబును అడిగారు, దీన్ని ఏంటితో చేస్తారని.

"నాకేం తెలుసు బేటా? టిన్ను మీద రాసింది నేను చదవలేను" అన్నాడు సాయబు.

టిన్ను మీద కూడా పేరు, బొమ్మ తప్ప ఏమీ లేదు. అవ్వ అడిగితే చెప్పలేనిది ఆమెకు పెట్టనని ఆయన దాన్ని పక్కన పెట్టేశారు. ఈ సంగతి మా అత్త ఇంట్లో చెప్పినప్పుడు, ఈ మనిషితో నేను సుఖంగానే ఉంటానని నాకు మొదటిసారి అనిపించింది.

రెండో ఆదివారం అరటిపండు కేకు వచ్చింది. బాగా మాగిన పండ్లు గుడ్లకు బదులు పిసికి వేశారు. ఈసారి రాలిపోలేదు. ముక్క ముక్కగా నిలిచింది, తడి కూడా ఆరలేదు. కానీ బరువుగా, జిగటగా, కోస్తే కత్తికి అంటుకుంది. పైగా కేకు తిన్నట్టు లేదు, అరటిపండు తిన్నట్టుంది.

"అరటిపండు పిండిని పట్టి ఉంచుతాది, లేపదు. గుడ్డు రెండు పనులూ చేస్తాది" అన్నారాయన. "పట్టుకుంటాది, లేపుతాది. ఆపైన వేడికి గట్టిపడి, లేచినదాన్ని పడిపోకుండా నిలబెడతాది కూడా. ఒక్కటి మూడు పనులు చేస్తాంటే, దాన్ని తీసేసి ఒక్కదాన్నే పెడితే యాడ సరిపోతాది?"

లేపడానికి సాయబు ఒక ఉపాయం చెప్పాడు. రొట్టెలకు కల్లు పోసేవాళ్లు గదా, దీనికీ పోయమన్నాడు. రొట్టెలకు అది మామూలే. అయితే కేకు పిండికి చక్కెర ఎక్కువ, కల్లు దాన్ని లేపడానికి చాలా సేపు పడుతుంది, పుల్లవాసన వస్తుంది. పైగా పెండ్లి కేకులో కల్లుందని మా గుడి పెద్దలకు తెలిస్తే పెండ్లి అక్కడే ఆగిపోతుందని మా అత్త అంది. అది తమాషాకు అన్న మాట కాదు.

మూడో ఆదివారం ఆయన వంటసోడా, నిమ్మరసం వాడారు. సోడాకు పులుపు తగిలితే బుసబుస పొంగుతుంది, ఆ బుడగలే కేకును లేపుతాయి. పాల సంగతి కూడా ఆ వారమే తేల్చారు. నానబెట్టిన శనక్కాయలు రుబ్బి, గుడ్డలో వేసి పిండి, పచ్చివాసన పోయేదాకా కాచి, చల్లార్చారు. చూడ్డానికి అచ్చం పాలే. నీళ్లు పోసినప్పుడు కేకు పైన తెల్లగా పాలిపోయి ఉండేది, ఈ పాలు పోస్తే ఎర్రగా కాలింది. వాటికి నిమ్మరసం పిండితే మజ్జిగలాగా చిక్కబడ్డాయి కూడా.

అయితే ఆ కేకు బట్టీలో చక్కగా లేచి, బయటికి తీసేసరికి నడిమికి కుంగిపోయింది. సోడా ఎక్కువై సబ్బు రుచి కొట్టింది. మా అత్త సైతం రెండో ముక్క అడగలేదు.

"సగం సోడా చాలు. అది సరిచేస్తా" అన్నారాయన. "కుంగడమే ఎట్ల ఆపాల్నో తెలీకుండా ఉండాది. బుడగలు వస్తాండాయి. పిండి పల్చగా ఉండాది, వాటిని పట్టుకోలేక వదిలేస్తాంది."

ఆ వారంలో నాకు జలుబు చేసి రొమ్ము పట్టేసింది. మిషను ఆసుపత్రి నర్సమ్మ అవిసె గింజల పిండి ఉడికించి గుడ్డలో వేసి రొమ్ము మీద పట్టు వేసింది. అది అప్పట్లో అందరికీ చేసేదే. పట్టు తీసేశాక గిన్నె నేనే కడగబోయాను. అడుగున మిగిలిన పిండి చేతికి తీగలుతీగలుగా సాగింది. నీళ్లు పోసినా వదల్లేదు. గుడ్డు తెల్లసొన వేళ్ల మధ్య ఎట్లా జారుతుందో అట్లా జారింది. నేను ఆ గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నర్సమ్మ జ్వరం తలకెక్కిందేమోనని నుదురు తాకి చూసింది.

ఆదివారం ఆయనకు చెప్పాను. ఆయన వెంటనే లేచారు. మా అత్త ఇంట్లో పొడి కోసం ఉంచిన అవిసె గింజలు గుప్పెడు తీసుకుని, రోట్లో మెత్తగా దంచి, గోరువెచ్చటి నీళ్లు పోసి పక్కన పెట్టి, మాట్లాడుతూ కూర్చున్నారు. కాసేపయ్యాక వేలు ముంచి ఎత్తితే తీగ సాగింది.

"ఇది లేపదు. అయినా పట్టుకుంటాది" అన్నారు. "సోడా లేపుతాది, ఇది పట్టుకుంటాది. నిలబెట్టే పని పిండే చేసుకోవాల. అందుకని లోతు టిన్నులు వద్దు. లోతు లేని టిన్నుల్లో కాల్చి, ఒకదాని మీద ఒకటి పెడితే పెండ్లి కేకంత ఎత్తు వస్తాది." తర్వాత నా వైపు చూసి, "నీకు ఇంకా దగ్గు తగ్గలేదా?" అన్నారు.

అంతవరకు ఒకరినొకరం నువ్వు, మీరు అని పిలుచుకోవాల్సిన అవసరం రాకుండా మాట్లాడుకున్నాం. ఆ రోజు మొదటిసారి నువ్వు అన్నారు. మా అత్త లేచి లోపలికి పోయింది, మంచినీళ్లు తెస్తానని.

ఆ తర్వాత కేకు దాదాపు కుదిరింది. ఒకసారి అవిసె ఎక్కువై లోపల జిగట జిగటగా ఉండింది. ఇంకోసారి కొత్తగా చేరిన పనివాడు వెన్న కేకు కొట్టినట్టు కొట్టేశాడు. ఇందులో గోధుమ మైదా తడి తగిలాక ఎక్కువ కలిపితే రబ్బరులాగా సాగుతుంది, పైగా బుడగలన్నీ పోతాయి. పొడివన్నీ ఒక గిన్నెలో, తడివన్నీ ఒక గిన్నెలో ఉంచుకుని, రెండూ కలిసేంతవరకే కలిపి, నిలబెట్టకుండా బట్టీలో పెట్టేయాలి. ఏలకులు, ఎండుద్రాక్ష వేసిన కేకు ఒకటి సాయబు కళ్లు మూసుకుని తిన్నాడట. తిని, "ఇది రొట్టె కాదు" అన్నాడట. ఆయనకు అది పెద్ద బిరుదు.

పెండ్లి మా ఊరి గుళ్లో. ముందురోజు మధ్యాహ్నం ఆయన కేకు కాల్చడానికి అన్నీ సిద్ధం చేసుకుంటుంటే, సాయబు ఆయన్ను బట్టీ దగ్గర్నుంచి తరిమేశాడు. పెండ్లికొడుకు పొగలో నిలబడకూడదు, పోయి క్షౌరం చేయించుకో అన్నాడు. పిండి ఎట్లా కలపాలో అప్పటికి సాయబుకు కంఠస్థం. తానే కలిపి, తానే కాల్చి, మూడు అంతస్తులుగా పేర్చి, పైన చక్కెర పాకం పోసి ఆరబెట్టాడు. పొద్దున్నే రైలుకు పోవడానికి ఆయన వచ్చేసరికి కేకు డబ్బాలో ఉంది. ఎంత చక్కగా లేచిందో అని ఆయన మెచ్చుకున్నారు.

"లేవకుండా ఎట్ల ఉంటాది బేటా? నీ పెండ్లి కేకు అని టిన్నులకు మంచి నెయ్యి పూసినా. మా ఇంటి నెయ్యి. ఒక్కటి కూడా అంటుకోలే" అన్నాడు సాయబు.

ఆ మనిషి ముఖంలో సంతోషం చూశాక, అది అవ్వకు పనికిరాదని ఆయన చెప్పలేకపోయారు. టిన్నులకు ఎప్పుడూ శనక్కాయ నూనె రాసి పిండి చల్లేవారు, ఆ సంగతి విడిగా చెప్పాలని ఆయనకు తోచలేదు. మళ్లీ కాల్చడానికి వేళ లేదు. బట్టీ నిండా రొట్టెలున్నాయి. ఆయన సాయబు చేతులు పట్టుకుని శానా బాగుండాదన్నారు. తర్వాత లోపలికి పోయి, కొంచెం మైదా, చక్కెర, కాగితం పొట్లంలో వంటసోడా కట్టుకుని రైలెక్కారు.

మాకు ఇవేవీ తెలీవు. పొద్దున నేను లోపలి గదిలో కూర్చుని ఉన్నాను, మా అత్త తల దువ్వుతోంది. మగపెండ్లివాళ్లు గుడి పక్క బడికొట్టంలో దిగారని తెలిసింది. కాసేపటికి వాకిట్లో ఆయన గొంతు వినిపించింది. పెండ్లికి ముందు పెండ్లికొడుకు ఇట్లా రాకూడదు. మా అత్త దువ్వెన పట్టుకునే బయటికి పోయింది.

"ఏమప్పా, ఏమైంది?"

"ఏమీ కాలేదత్తా. అవ్వ యాడుండాది?"

అవ్వ వంటింట్లో ఉంది. ఆయన కొత్త కోటుతోనే గడప దగ్గర కూర్చున్నారు. నడుమ తలుపు చేరవేసి ఉన్నా నాకు అంతా వినిపిస్తూనే ఉంది.

"అవ్వా, పెద్ద కేకు మీరు తినొద్దండి. టిన్నులకు నెయ్యి పూసినారు. సాయబుకు తెలీక చేసినాడు, ప్రేమతోనే చేసినాడు."

"ఆ మాత్రం నెయ్యి నాకేం తెలుస్తాది నాయనా. నువ్వు చెప్పకుంటే తినుందును" అంది అవ్వ.

"తెలిసుండి మీ చేతికి ఎట్లిస్తా? మీకు వేరేగా చేస్తా. ఒక చట్టి, కొంచెం ఇసుక ఇప్పియండి."

"ఇప్పుడా?"

"ఎంతోసేపు పట్టదవ్వా. వెన్న కేకయితే గిలక్కొట్టాల్నే, ఇది ఊరికే కలిపి పెట్టేదే."

మా అత్త అంటూనే ఉంది, పెండ్లికొడుకు పొయ్యి కాడికి పోతే జనం ఏమనుకుంటారని. అవ్వ ఆమె మాట వినిపించుకోలేదు. పెద్ద చట్టిలో వంకలోని ఇసుక పోయించి పొయ్యి మీద పెట్టించింది. పాలు ఎప్పుడూ కాచని ఇత్తడి గిన్నె ఒకటి వెదికి తీసింది. శనక్కాయలకు ఇంట్లో కొదవ లేదు. నానడానికి వేళ లేదు కాబట్టి మరిగే నీళ్లు పోసి, మెత్తబడ్డాక అవ్వే రుబ్బింది. అవిసె గింజలు ఆయన దంచారు. కోటు విప్పి చిలక్కొయ్యకు తగిలించి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నారట. ఆ మాట మా తమ్ముడు వచ్చి చెప్తే నాకు చూడాలనిపించింది, కానీ సగం దువ్విన తలతో కదలనివ్వలేదు.

సోడా పొట్లం విప్పేటప్పుడు చిన్న గొడవ జరిగింది. రైల్లో చెమటకు కాగితం తడిసి సోడా సగం కరిగిపోయింది. మా అమ్మ పరుగున పోయి, బట్టలకు వేసే సోడా డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆయన వేలికి అద్దుకుని చూసి వద్దన్నారు. "అది చాకలి సోడామ్మా. దాన్ని తింటే నోరు కాల్తాది." పొట్లంలో మిగిలిన పొడి భాగమే గీరి తీసుకున్నారు. చిన్న కేకు కాబట్టి చాలింది.

గిన్నెకు ఈసారి శనక్కాయ నూనె తానే రాశారు. ఇసుక బాగా కాగాక, పొడివి తడివి కలిపి, చివరికి నిమ్మకాయ పిండి, నాలుగు తిప్పులు తిప్పి, గిన్నె లోపల పెట్టి మూత వేశారు. మూత మీద అవ్వ నిప్పులు పరిచింది. తర్వాత ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు. మూత తీసి చూడొద్దా అని అవ్వ రెండుసార్లు అడిగింది. లోపల గట్టిపడకముందు తీస్తే చల్లగాలికి కుంగుతుందని ఆయన ఆపారు. అవ్వ విసనకర్ర తీసుకుని ఆయనకు విసిరింది. బయట గుడి గంట మొదటిసారి మోగింది.

"ఆ దూడ ఏమయిందవ్వా?" అని ఆయన అడగడం విన్నాను.

"పెద్దదై మా చేను దున్నింది. ముసలిదై మా కొట్టంలోనే పోయింది" అంది అవ్వ. "ఎవరూ అడగరు నాయనా ఈ మాట. నేను పాలు యేంటికి మానేసినానని అడుగుతారు. అది ఏమయిందని అడగరు."

గుడి రెండో గంట మోగేసరికి మూత తీశారు. వాసన నా గది దాకా వచ్చింది, ఏలకులు, ఎర్రగా కాలిన శనక్కాయ పాలు. నాకు చీర కట్టడం అప్పుడే పూర్తయింది.

గుళ్లో పెండ్లి అయ్యాక, పందిరి కింద పెద్ద కేకు కోశాం. జనం బాగా తిన్నారు. అందులో వెన్నా గుడ్డూ లేవని ఎవరికీ తట్టలేదు. ఆయన లోపలికి పోయి ఇత్తడి గిన్నె తెచ్చారు. ఆ కేకు ఒక పక్క వాలి ఉంది, పైన పాకం లేదు, అడుగు మాడింది. దాన్ని నా చేత కోయించి, నా చేతనే అవ్వకు ఇప్పించారు.

అవ్వకు నోట్లో పండ్లు అన్నీ లేవు. మెల్లగా చప్పరించింది. మేమిద్దరం ఆమె ముఖమే చూస్తున్నాం.

"అడుగు మాడింది" అంది.

"అవునవ్వా. ఇసుక తక్కువైంది" అన్నారాయన.

"మాడిన కాడనే బాగుండాది" అంది అవ్వ. ఇంకో ముక్క అడిగి తీసుకుంది. దాన్ని మాత్రం తినకుండా, కొంగు చివర కట్టుకుంది. ఎవరికవ్వా అంటే, రాత్రికి అంది.

సాయబుకు నెయ్యి సంగతి ఆయన తర్వాత నిదానంగా చెప్పారు. సాయబు చాలా నొచ్చుకున్నాడు. ఆ తర్వాత ఒక పండుగకు మా ఊరికి స్వయంగా వచ్చి, అవ్వ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవ్వ ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, జొన్న రొట్టె, శనక్కాయ చట్నీ పెట్టింది. ఇద్దరూ చేదబావి నీళ్ల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. కేకు మాటే రాలేదు. పోయేటప్పుడు మాత్రం సాయబు, "ఇంకోసారి నెయ్యి డబ్బా తాళం వేసి పెడతానమ్మా" అన్నాడు.

మేము కడపలో బట్టీ వెనక రెండు గదుల్లో కాపురం పెట్టాం. మొదటి ఈస్టరుకు అవ్వ వస్తున్నదని తెలిసి, ఈసారి కేకు నేనే చేస్తానన్నాను. ఆయన పక్కన లేకుండా అన్నీ సరిగ్గా కొలిచి కలిపాను. నిమ్మకాయ కూడా పిండేశాను. అంతలో బండి వచ్చింది, అవ్వ దిగింది. నేను గిన్నె వదిలేసి పరుగెత్తాను. కాళ్లు కడిగించి, మంచినీళ్లిచ్చి, ఊరి సంగతులన్నీ అడిగి వచ్చి చూస్తే, గిన్నెలో పొంగు ఎప్పుడో చల్లబడిపోయింది. అయినా బట్టీలో పెట్టించాను. చెప్పులాగా వచ్చింది.

సాయంత్రం ఆయన పని ముగించుకుని వచ్చారు. కేకు చూశారు, నన్ను చూశారు. అవ్వ పక్కన చాప మీద కూర్చుని, ఆ కేకును వేలెడు ముక్కలుగా విరిచి, పాలు లేని టీలో ఒకటి ముంచి అవ్వకు ఇచ్చి, ఒకటి తాను తిన్నారు. ఇద్దరూ అట్లా ముంచుకుని మొత్తం తినేశారు. నాకు ఒక్క ముక్క మిగిలింది. టీలో నానాక అదేమీ చెడ్డగా లేదు.